సీమంతంలో పాట ఎంతసేపు పాడాలి

హైదరాబాద్‌లో సీమంతం పిలుపు అందితే కార్డు మీద ముహూర్తం ఒకటే ఉంటుంది. హాల్లో జరిగే తంతులు మాత్రం రెండు. ఒకటి పురోహితుడు చేయించేది: హోమం, మంత్రం, పాపట తీయడం. రెండోది పేరంటాళ్లు చేసేది: పసుపు, గంధం, గాజులు, ఒడి నింపడం, హారతి. మొదటిదానికి పుస్తకం ఉంది. రెండోదానికి పాట ఉంది. ఫంక్షన్ హాలు గడియారం చూసుకుని కార్యక్రమం కుదించాల్సి వచ్చినప్పుడు పాటకే ముందు ఎసరు పడుతుంది. అది అలంకారమని, తీసేసినా తంతుకు లోటు రాదని అందరూ అనుకుంటారు. నిజానికి ఆడవాళ్ల తంతును నడిపేది ఆ పాటే. అది ఎలా నడుపుతుందో తెలియాలంటే ముందు పుస్తకంలో ఏముందో కొంచెం చూడాలి.

షోడశ సంస్కారాల్లో గర్భాధానం, పుంసవనం తర్వాత వచ్చేది సీమంతం. ఇంటి తంతులు ఎలా చేయాలో చెప్పే పాత పుస్తకాలను గృహ్యసూత్రాలంటారు, తెలుగు బ్రాహ్మణ కుటుంబాల్లో ఎక్కువమందిది ఆపస్తంబ సూత్రం. దాని ప్రకారం ఇది తొలి చూలుకే, అదీ నాలుగో నెలలో చేయాలి. అగ్నికి పడమటి పక్కన భార్యను తూర్పు ముఖంగా కూర్చోబెట్టి, మూడు తెల్లమచ్చలున్న ఏదుపంది ముల్లు, మూడు దర్భ చివుళ్లు, పచ్చి మేడికాయల గుత్తి కలిపి పట్టుకుని భర్త ఆమె పాపటను నుదుటి నుంచి పైకి తీస్తాడు. ఇప్పుడు ఏదుపంది వన్యప్రాణి చట్టం రక్షణలో ఉన్న జంతువు. దర్భలతో, దొరికితే మేడి రెమ్మతో కానిచ్చేయడమే సబబు.

ఆ తర్వాత సూత్రం చెప్పే సంగతి చాలామందికి తెలియదు. పాపట తీశాక, వీణ మీద పాడే ఇద్దరిని పిలిచి ‘పాడండి’ అనాలి. వాళ్లు పాడే గాథలో సోముడే మా రాజు అన్న మాట ఉంటుంది, ఆ తర్వాత ఒక నది ఒడ్డు ప్రస్తావన వస్తుంది. ఆ నది ఏదో సూత్రం ఖాయం చేయలేదు. ఆ కుటుంబం ఏ నది దగ్గర ఉంటే ఆ నది పేరు అక్కడ పెట్టుకోమంది. అంటే పాటలో ఒక ఖాళీ ఉంది, దాన్ని ఆ ఊరు నింపుకోవాలి. హైదరాబాద్‌లో సంకల్పం చెప్పేటప్పుడు పురోహితులు శ్రీశైలానికి వాయవ్యంలో, కృష్ణా గోదావరుల నడుమ అని చోటు చెబుతారు. సూత్రాన్ని అక్షరాలా పాటిస్తే గాథలో రావాల్సిన పేరు మూసీ, పురాణం పేరు కావాలనుకుంటే ముచికుంద. మురుగు వాసన గుర్తొచ్చి పెద్దలు ముఖం చిట్లించవచ్చు గాని, సూత్రం అడిగింది దగ్గరున్న నదిని, శుభ్రంగా ఉన్న నదిని కాదు.

వీణ పాడేవాళ్లు ఇప్పుడు రారు. ఆ గాథను పురోహితుడే నాలుగు ముక్కల్లో చదివేసి ముందుకు వెళతాడు. తర్వాత మొలకెత్తిన యవలు ఆమె తలకు కట్టడం, నక్షత్రాలు కనిపించేదాకా ఆమె మౌనంగా ఉండడం కూడా సూత్రంలోనే ఉన్నాయి. పొద్దున పదింటికి ముహూర్తం పెట్టి, ఒంటిగంటకు భోజనాలు, మూడింటికి హాలు ఖాళీ అనే లెక్కలో నక్షత్రాల మౌనానికి చోటెక్కడిది.

ఆశ్వలాయన గృహ్యసూత్రం ఇదే సంస్కారం గురించి చెబుతూ ఒక చిన్న వాక్యంతో తలుపు తెరిచిపెట్టింది. భర్త, పిల్లలు ఉన్న పెద్ద ముత్తైదువలు ఏమేమి చేయమంటే అవన్నీ చేయాలంది. ఏం చేయమంటారో రాయలేదు. గాజులు, చలిమిడి, ఒడిబియ్యం, ఎర్రనీళ్లు, పాటలు ఆ తలుపులోంచే లోపలికి వచ్చాయని చెప్పుకోవచ్చు. ‘ఇవన్నీ శాస్త్రంలో లేవు, ఆడవాళ్ల ముచ్చట్లు’ అని కొట్టిపారేసే పెద్దమనిషికి చూపించాల్సిన వాక్యం ఇది. అయితే అదే వాక్యంలో ముల్లు కూడా ఉంది. భర్త ఉన్నవాళ్లే అన్న నియమంతోనే, భర్త పోయిన కన్నతల్లిని కూతురి సీమంతంలో గోడవారగా నిలబెట్టారు. ఇప్పుడు నగరంలో చాలా ఇళ్లలో తొలి గాజు అమ్మ చేతే వేయిస్తున్నారు, ఆమె నుదుట ఏముందో చూడడం లేదు. అదే మంచి పద్ధతి.

నెల విషయంలో పుస్తకానికీ ఆచారానికీ సరిపడదు. ఆపస్తంబుడు, ఆశ్వలాయనుడు నాలుగో నెల అన్నారు. పారస్కర సూత్రం ఆరు గాని ఎనిమిది గాని అంది. అన్నీ సరి నెలలే. పేరంటాళ్ల లెక్కలో మాత్రం అయిదు, ఏడు, తొమ్మిది, అంటే బేసి నెలలే మంచివి. ఎనిమిదో నెలలో శుభకార్యం తలపెడితే ఇంట్లో పెద్దావిడ ఊరుకోదు. అందుకే ‘శాస్త్రప్రకారం ఏడో నెలలో’ అని ఎవరైనా అంటే అది ఆచారప్రకారం అని అర్థం చేసుకోవాలి. ఏడో నెల నిలబడడానికి కారణాలు వేరే ఉన్నాయి. వేవిళ్లు తగ్గి ఉంటాయి, కడుపు కనిపిస్తుంది, కూర్చోగలిగే ఓపిక ఇంకా ఉంటుంది, తర్వాత పుట్టింటికి తీసుకెళ్లవచ్చు. నాలుగో నెల సీమంతాన్ని ఏడో నెలకు జరుపుకున్నందువల్ల పుంసవనం కూడా చాలాచోట్ల అదే రోజు ఆ పీటల మీదే అయిపోతోంది.

ఇక అసలు పేరంటం. ఒక ఇల్లు ఊహించుకుందాం. ఉప్పల్‌లో కాపురం. అమ్మాయి పేరు లావణ్య అనుకుందాం. పుట్టినిల్లు రాజమండ్రి వైపు, అత్తవారిది కరీంనగర్ వైపు. హైదరాబాద్‌లో ఇలాంటి జంటలు వీధికి నాలుగు ఉంటాయి. సీమంతం మాట రాగానే రెండు ఇళ్లూ రెండు జాబితాలు తీస్తాయి.

పుట్టింటి జాబితాలో ముందుండేది చలిమిడి. గోదావరి వైపు మూడో నెలలోనే తల్లి గుట్టుగా తెచ్చి పెట్టే దొంగ చలిమిడి ఒకటుంది, అది అయిపోయి ఉంటుంది. ఇప్పుడు తేవాల్సింది నలుగురికీ పంచే చలిమిడి. నానబెట్టి, నీడన కాస్త ఆరబెట్టి, తడి ఉండగానే పట్టించిన బియ్యప్పిండి కిలోకి సుమారు అరకిలో బెల్లం. పాకం చుక్క పళ్లెంలోని నీళ్లలో వేస్తే చెదరకుండా వేళ్ల మధ్య మెత్తని ఉండగా రావాలి. అది అరిసెల పాకం కంటే లేతగా ఉండగానే దించి, పిండి, నెయ్యి, యాలకులు, కొబ్బరి ముక్కలు కలుపుతారు. పాకం ముదిరితే మర్నాటికి చలిమిడి రాయవుతుంది. లేతగా ఉండిపోతే చేతికి అంటుకుంటూ ఉంటుంది, నాలుగు రోజులు కూడా నిలవదు. కూతురి కడుపు చల్లగా ఉండాలని పెట్టే తినుబండారం ఇది. ఆమెకు గర్భంలో వచ్చే షుగర్ ఉంటే చిటికెడు నోట పెట్టి మిగతాది పంచేయాలి. బలవంతంగా తినిపించడం ఆచారంలో ఎక్కడా లేదు.

అత్తవారి జాబితాలో ముందుండేది ఒడి నింపడం. పసుపు, కొద్దిగా నూనె గాని నెయ్యి గాని పట్టించిన బియ్యం, కుడుకలు, ఖర్జూరాలు, పసుపు కొమ్ములు, వక్కలు, రవికె ముక్క, చీర. అయిదుగురు ముత్తైదువలు దోసిళ్లతో ఆమె కొంగులో పోస్తారు. తర్వాత ఆ బియ్యం వండుకుని అయినవాళ్లను పిలిచి పెట్టడం కూడా ఉంటుంది. తెలంగాణలో ఒడిబియ్యం సీమంతానికే పరిమితం కాదు, పెళ్లయిన ఆడబిడ్డకు పుట్టింటివారు ఏళ్ల తరబడి పోస్తూనే ఉంటారు. అందుకే కడుపుతో ఉన్నప్పుడు పోయాలా వద్దా అన్నదాని మీద ఇంటింటికీ మాట మారుతుంది. మరాఠీ, కన్నడ ఇళ్లలోనూ ఒడి నింపే ఆచారం ఉంది కనుక ఈ తంతు దగ్గర పక్కింటి మరాఠీ ఆంటీ ఎవరూ చెప్పకుండానే దోసిలి పడుతుంది. చూసుకోవాల్సింది బరువొక్కటే. ఏడో నెల కడుపు ముందు అయిదారు కిలోల బియ్యం కొంగులో వేలాడితే నడుము లాగేస్తుంది. ఇరుపక్కలా ఇద్దరు కొంగు పట్టుకోవాలి, నిండగానే మూట కట్టి పక్కకు తీసేయాలి.

రెండు జాబితాలూ కలిసేది గాజుల దగ్గర. అక్కడ ఎవరికీ పేచీ లేదు. హైదరాబాద్‌లో గాజులంటే చార్మినార్ పక్కన లాడ్ బజార్ గుర్తొస్తుంది. అక్కడి ప్రత్యేకత రాళ్లు అద్దిన లక్క గాజులు. వాటికి 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. సీమంతానికి మాత్రం కావాల్సింది మట్టి గాజులు, అంటే గాజుతో చేసినవే. ఆకుపచ్చవి ఎక్కువ, వాటిలో కొన్ని ఎరుపు, పసుపు. నలుపు కొనరు. అవి కూడా లాడ్ బజార్లో దొరుకుతాయి గానీ ఎక్కువగా ఉత్తరాదిన ఫిరోజాబాద్ నుంచి వచ్చేవే.

గాజుల కొలత దగ్గర పొరపాటు జరిగిందంటే పేరంటమంతా ఇబ్బందే. దుకాణంలో ‘రెండు నాలుగు’, ‘రెండు ఆరు’, ‘రెండు ఎనిమిది’ అంటారు. అంటే రెండు అంగుళాల మీద అంగుళంలో పదహారో వంతులు నాలుగు, ఆరు, ఎనిమిది అని. రెండు నాలుగంటే రెండుంపావు అంగుళాల లోపలి వ్యాసం, రెండు ఎనిమిదంటే రెండున్నర. ఒక సైజుకూ పై సైజుకూ తేడా మూడు మిల్లీమీటర్లు. పెళ్లినాటి సైజు చెప్పి తెస్తే ఏడో నెలలో అది చేతికి ఎక్కదు. చేతులు కాస్త నీరు పట్టి ఉంటాయి, సాయంత్రానికి ఇంకొంచెం ఎక్కువ. అందుకని ఒక సైజు పెద్దవి తెచ్చుకోవడం నయం. ముందురోజు ఒక గాజు వేసి చూస్తే సరిపోతుంది. బొటనవేలి కణుపు దగ్గర ఆగిపోయిందంటే మిగతావి వేసేటప్పుడు పగులుతాయి. గాజు పగిలితే పేరంటాళ్ల ముఖాలు మాడిపోతాయి, అది అపశకునం కాదు, కొలత తప్పడం. ఇక్కడే ఇంకో మాట చెప్పాలి. చేతులతో పాటు ముఖం ఉన్నట్టుండి ఉబ్బడం, తగ్గని తలనొప్పి, కళ్లు మసకబారడం ఉంటే అది మామూలు నీరు కాదు, బీపీ పెరిగిన గుర్తు కావచ్చు. సీమంతం సంగతి తర్వాత, అదే రోజు డాక్టరుకు చూపించాలి.

ఇప్పుడు పాట. లావణ్యను పీట మీద కూర్చోబెట్టి, నిజానికి ఏడో నెలలో కుర్చీ మేలు, పసుపు రాసి, గంధం పూసి, గాజులు మొదలుపెట్టారు. వచ్చినవాళ్లు నలభై మంది ఆడవాళ్లు. ఒక్కొక్కరు వచ్చి, బొట్టు పెట్టి, చేతికి రెండు గాజులు తొడిగి, అక్షింతలు వేసి, ఒక ఫొటో దిగి వెళ్లాలి. ఒక్కొక్కరికి అర నిమిషమే అనుకున్నా ఇరవై నిమిషాలు. ఎవరైనా ముచ్చట్లు పెడితే అరగంట దాటుతుంది. ఆ అరగంటా మధ్యలో కూర్చున్న పిల్లకు చేయి చాపడం తప్ప పనిలేదు, చుట్టూ ఉన్నవాళ్లకు తమ వంతు కోసం ఎదురుచూడడం తప్ప పనిలేదు. పేరంటాళ్ల పాటలు ఈ ఖాళీ కోసం తయారైనవి. వాటి పొడవు ముందే తేలి ఉండదు. చేసే పని ఎంతసేపు ఉంటే పాట అంతసేపు సాగాలి.

అలా సాగేందుకు వాటిలో రెండు ఏర్పాట్లు ఉన్నాయి. ఒకటి నెలల వరస. మొదటి నెల, రెండో నెల అంటూ తొమ్మిదో నెలదాకా, ఒక్కో నెలకు ఒక కోరిక. పుల్లమామిడి, చింతచిగురు, మట్టి వాసన మీద మనసు పోవడం, ఏది తిన్నా వెనక్కి రావడం. స్త్రీల రామాయణపు పాటల్లో కౌసల్య వేవిళ్ల పాట ఈ కోవలోదే. వాల్మీకి పాయసం పంపకం చెప్పి రాముడి పుట్టుకకు వెళ్లిపోతాడు. పాటలు కట్టిన ఆడవాళ్లు మాత్రం ఆ మధ్య నెలల దగ్గరే కూర్చున్నారు. ఈ సంగతి మీద వెల్చేరు నారాయణరావు 1991లో వచ్చిన ఇంగ్లీషు వ్యాసంలో వివరంగా రాశారు. పట్టమహిషి అయినా వేవిళ్లు వేవిళ్లే కదా అన్న ధీమా ఆ పాటల్లో ఉంటుంది.

రెండో ఏర్పాటు పేర్లు పెట్టుకునే ఖాళీలు. తెలంగాణ ఇళ్లలో సీమంతం పాట చాలాసార్లు బతుకమ్మ వరసలోనే వస్తుంది, ప్రతి పాదం చివర ‘ఉయ్యాలో’తో. ఒకామె పాదం అందుకుంటుంది, మిగతావాళ్లు అదే పాదం తిరిగి పాడతారు. ఆ నడకకు అచ్చు చూపించడానికి ఇక్కడికిక్కడ కట్టిన ఆరు పాదాలు:

మూడోది నెలవచ్చె ఉయ్యాలో
పుల్లాని మామిడీ ఉయ్యాలో
ఏడోది నెలవచ్చె ఉయ్యాలో
లావణ్య చేతికీ ఉయ్యాలో
పచ్చాని గాజులూ ఉయ్యాలో
మేనత్త తెచ్చింది ఉయ్యాలో

‘ఉయ్యాలో’ తీసేస్తే ప్రతి పాదంలో రెండు ముక్కలు, ఒక్కో ముక్క అయిదు మాత్రలు. గురువుకు రెండు, లఘువుకు ఒకటి అన్న బడి లెక్కే. ‘మూడోది’లో రెండు, రెండు, ఒకటి. ‘లావణ్య’ కూడా అంతే, ‘ణ్య’ ముందున్న ‘వ’ గురువవుతుంది కనుక. పాడే ఆవిడకు ఈ లెక్క తెలియనక్కర్లేదు, చప్పట్లకు పడితే చాలు. అమ్మాయి పేరు ప్రత్యూష అయినా, ఐశ్వర్య అయినా నేరుగా పడుతుంది. శ్రావణి, హారిక, కీర్తన అయితే ఒక మాత్ర తక్కువ పడుతుంది, చివరి అక్షరం సాగదీసి ‘శ్రావణీ’ అంటారు. దివ్య, స్వాతి లాంటి చిన్న పేర్లకు ‘అమ్మ’ చేరి దివ్యమ్మ, స్వాతమ్మ అవుతాయి. మానసను ‘మానసా’ అనాలి. ‘మానసమ్మ’ అంటే మాత్ర ఎక్కువై చప్పట్లు తప్పుతాయి.

ఇంకా ఆశ్చర్యం ‘మేనత్త’ ఉన్న చోట. అక్కడ గాజు తొడిగే మనిషి మారినప్పుడల్లా మాట మారాలి. అమ్మమ్మ, నానమ్మ, అత్తమ్మ, పిన్నమ్మ, పెద్దమ్మ, చిన్నమ్మ, వదినమ్మ, అక్కయ్య అన్నీ అయిదు మాత్రలే. నలభై మంది వరసలో వస్తుంటే నడిపే ఆవిడ ఎవరు వచ్చారో చూసి ఆ మాట అక్కడ వేసేస్తుంది, పాట ఎక్కడా తడబడదు. ‘చెల్లెలు’ను చెల్లెలూ అని, ‘మరదలు’ను మరదలూ అని సాగదీస్తే సరి. ఇమడనిది ఆడబిడ్డ ఒక్కతే. ఆ మాటలో ఆరు మాత్రలు, ‘ఆడపడుచు’లోనూ ఆరే. ఆడబిడ్డ తాళంలో కూడా సర్దుకోదు అని నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది గానీ, పాటలో ఆమె పెద్దదైతే వదినమ్మగా, చిన్నదైతే మరదలుగా వచ్చేస్తుంది. పెద్దవాళ్ల విషయంలో ‘తెచ్చింది’ అనడానికి నోరు రాకపోతే ‘తెచ్చిరీ’ అంటారు, అదీ అయిదే.

ఇలా పేరు పేరునా పిలిచే పాదమే పేరంటంలో వరుస క్రమాన్ని కూడా నడుపుతుంది. తన వరస పాటలో వినిపించాక లేవడం, తొడిగి వచ్చి కూర్చోవడం. మైకు పట్టుకుని ‘నెక్స్ట్ ఎవరు, త్వరగా రండి’ అని అరిచే మనిషి అవసరం ఉండదు. సూత్రంలో నది పేరుకు ఖాళీ ఉన్నట్టే ఇక్కడ మనుషుల పేర్లకు ఖాళీ ఉంది. పాట ఏదో ఒక కౌసల్య గురించి కాకుండా ఈ ఇంటి గురించి అయ్యేది ఆ ఖాళీల వల్లే.

ఇప్పుడు హాలులో స్పీకరు సంగతి చూద్దాం. రికార్డు చేసిన పాట నాలుగైదు నిమిషాల్లో అయిపోతుంది, అప్పటికి ఏడెనిమిది మందే గాజులు వేసి ఉంటారు. తర్వాత అదే పాట మళ్లీ, లేకపోతే సంబంధం లేని సినిమా పాట. పాటలో తొమ్మిదో నెల వచ్చి బిడ్డ పుట్టి ఊయల్లో పడుకుంటుంది, ఇక్కడ ఇంకా ముప్పై మంది వరసలో నిలబడి ఉంటారు. స్పీకరు హోరులో పక్కవాళ్లు కూడా పాడలేరు, నోరు మూసుకుని ఫోను తీస్తారు. పెద్ద తప్పేమీ కాదు, కానీ ఆ అరగంట నీరసంగా ఎందుకు గడిచిందో తర్వాత ఎవరికీ అర్థం కాదు. డీజేను పూర్తిగా వద్దనక్కర్లేదు. భోజనాల వేళకు పెట్టుకుంటే సరి. గాజుల వేళ మాత్రం అతన్ని ఆపమనాలి. పాడేవాళ్లు లేరన్న మాట నిజమే గానీ సగం నిజం. బతుకమ్మకు చప్పట్లు కొట్టిన ప్రతి ఆడమనిషికీ ఆ నడక వచ్చు. కావాల్సింది నడిపే ఒక్క గొంతు, నెలకు ఒక పాదం చొప్పున ముందురోజు రాసుకున్న కాగితం. శ్రుతి కాస్త కిందనే ఎత్తుకోవాలి. మొదట్లోనే పైకి ఎత్తుకుంటే అయిదో నెలకల్లా గొంతులు కీచుమంటాయి, ఏడో నెలకు వంత పాడేవాళ్లు తగ్గిపోతారు.

పుట్టింటివాళ్లు గోదావరి వైపు నుంచి తెచ్చుకున్న పాటలు వేరే నడకలో ఉంటాయి, చాలావరకు ‘మంగళం’, ‘శోభనం’ అన్న వంతలతో. వాటిని గాజుల వేళ ఉయ్యాలో పాటతో కలపాలని చూస్తే రెండూ చెడతాయి. ఉప్పల్ ఇంట్లో సులువైన పంపకం ఇది: పసుపు, గంధం, చలిమిడి దగ్గర పుట్టింటి పాటలు, గాజులు, ఒడి దగ్గర అత్తింటి ఉయ్యాలో. హారతి దగ్గర ఎవరికి గొంతు మిగిలితే వాళ్లు. లాలిపాటలు మాత్రం చాలా ఇళ్లలో పెద్దవాళ్లు ఆ రోజు పాడనివ్వరు. బిడ్డ పుట్టకముందే ఊయల కట్టరాదన్న పట్టింపు పాటకూ వర్తిస్తుంది.

గాజుల చప్పుడు కడుపులో బిడ్డకు వినిపించాలని ఈ ఆచారం పెట్టారన్న వివరణ ఈమధ్య ప్రతి సీమంతంలోనూ ఎవరో ఒకరు చెబుతున్నారు. ఏడో నెలకు బిడ్డకు బయటి శబ్దాలు అందుతాయన్నది నిజం. కానీ కడుపు గోడ, ఉమ్మనీరు దాటి లోపలికి బాగా వెళ్లేవి మంద్రంగా ఉండే శబ్దాలు. గాజుల గలగల లాంటి సన్నని చప్పుళ్లు దారిలోనే చాలావరకు తగ్గిపోతాయి. ఆ లెక్కన బిడ్డకు గాజుల కంటే పాటే బాగా అందుతుంది, అన్నిటికన్నా బాగా అందేది తల్లి గొంతు, అది ఆమె ఒంట్లోంచే వెళుతుంది కనుక. పాత సూత్రం ఆమెను మౌనంగా ఉండమంది, పేరంటం కూడా ఆమెను కూర్చుని వినమంటుంది. ఇప్పటి వివరణనే నమ్మేవాళ్లు మాత్రం ఆమెను కూడా వంత పాడనివ్వాలి.

పాటల్లో సరిచూసుకోవాల్సిన మాట ఒకటుంది. పాతవాటిలో చాలావరకు కొడుకునే కోరతాయి, పుంసవనం మంత్రాలదీ అదే దారి. ఆ చోట ‘కొడుకు’ తీసి ‘బిడ్డ’ పెడితే తాళానికి ఏ లోటూ రాదు, నగరంలో పాడేవాళ్లు చాలామంది అలాగే మార్చుకున్నారు. పాప అయితే గులాబీ, బాబు అయితే నీలం అంటూ కేకు కోసి బయటపెట్టే సరదా విదేశాల నుంచి ఇక్కడి హాళ్లకూ వస్తోంది. ఊహించి ఆడుకునే ఆటగా ఉన్నంతవరకు ఫరవాలేదు. స్కానింగులో తెలుసుకుని చెప్పడం మాత్రం మన దేశంలో 1994 నాటి చట్టం ప్రకారం నేరం.

చివర్లో పసుపు నీళ్లలో సున్నం కలుపుతారు. సున్నపు క్షారానికి పసుపు ఎర్రబడుతుంది. ఆ ఎర్రనీళ్ల పళ్లెం ముగ్గురో అయిదుగురో పట్టుకుని దిష్టి తీసి, హారతి పాట పాడి, నీళ్లు గుమ్మం బయట పారబోస్తారు. హాల్లో అయితే టైల్స్ మీద పడి కాలు జారకుండా బకెట్‌లో పోయడం మంచిది. ఆ తర్వాత భోజనాలు, తాంబూలాలు. లావణ్యను మంచిరోజు చూసి రాజమండ్రి తీసుకెళతారా, లేక డాక్టరు హైదరాబాద్‌లోనే ఉన్నారు కనుక అమ్మే ఉప్పల్ వచ్చి ఉంటుందా అన్న చర్చ ఆ భోజనాల దగ్గరే తేలుతుంది. ఇప్పుడు చాలా ఇళ్లలో రెండోదే జరుగుతోంది.

గాజులు పురుడు అయ్యేదాకా తీయకూడదంటారు. ఆపరేషన్ అయితే ఆస్పత్రిలో నగలతో పాటు గాజులూ తీయిస్తారు, సెలైన్ సూది పెట్టే చేతికి మట్టి గాజులు అడ్డం కూడా. అప్పటికి చేయి ఇంకా ఉబ్బి ఉంటుంది కనుక హడావిడిగా లాగితే పగిలి కోసుకుంటాయి. చేతికి పల్చటి ప్లాస్టిక్ కవరు తొడిగి, పైన కొంచెం కొబ్బరినూనె రాసి, ఒక్కొక్కటే జారిస్తే వచ్చేస్తాయి. తొమ్మిదో నెల పడగానే రెండేసి మాత్రం చేతులకు ఉంచి మిగతావి ఇంట్లోనే తీసి దేవుడి దగ్గర పెట్టేసుకునేవాళ్లూ ఉన్నారు.